అటక మీద పూసల పెట్టె

"మేడమ్, మాది తాడిపత్రి. ఇంట్లోనే మిషన్ కుడతాను. కడపలో ఉండే మా అన్న కూతురికి వచ్చే నెలలో అయిదేళ్లు నిండుతాయి. మా వైపు, వదిన వైపు కలిపి పదిహేను మందిమి ఏదో ఒకటి తెస్తాం. పోయినేడు వంటసామాను సెట్లే మూడు వచ్చాయి. నేనిచ్చిన పూసల పెట్టె విప్పకుండానే అటకెక్కించారని మా అమ్మ చెప్పింది. ఏడాదిన్నర బాబు కూడా ఉన్నాడు, ఇల్లంతా బొమ్మలే, కాలు పెట్టే చోటుండదు. వదిన చెల్లెలు బెంగళూరు నుంచి ఖరీదైనవి తెస్తుంది. నా దగ్గరుండేది అయిదు వందలు. ఎవరూ తేనిది, వదిన పక్కన పడేయనిది ఏం కొనాలి?"
— ఒక మేనత్త

ఏం కొనాలో చివర్లో చెబుతాను. అదంత పెద్ద విషయం కాదమ్మా. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది "మా అమ్మ చెప్పింది" అన్న మాట దగ్గర. పెట్టె ఎందుకు విప్పలేదని మీరు వదినను అడగలేదు. అమ్మ చెప్పింది, మీరు బాధపడ్డారు, పదకొండు నెలలుగా ఆ బాధ అలాగే మోస్తున్నారు. పాపకు ఏం ఉన్నాయో, ఏం లేవో తెలిసిన మనిషి ఒక్కతే, ఆమెతోనే మీకు మాటల్లేవు. ఒకే వస్తువు మూడుసార్లు రావడానికీ కారణం ఇదే. అందరూ దుకాణానికి పోయి "నాలుగేళ్ల పాపకు" అని అడుగుతారు, దుకాణదారు అందరికీ అదే వంటసామాను తీసిస్తాడు. తల్లికి ఫోన్ చేసి అడిగేవాళ్లు ఒక్కరూ ఉండరు.

ఇక పూసల సంగతి. పోయినేడు పుట్టినరోజుకి బాబుకు ఎన్ని నెలలు? ఆరో ఏడో. అంబాడుతూ కింద కనిపించిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. నేలమీద ఒక్క పూస దొర్లినా వాడి గొంతుకు అడ్డం పడుతుంది, లేదా ముక్కులో దూరుతుంది. పది రూపాయల బిళ్ల కంటే చిన్నది ఏదైనా సరే, మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో నేలమీదికి రాకూడదు. మీ వదిన మీ మీద చిన్నచూపుతో ఆ పెట్టెను అటకెక్కించిందని నేను అనుకోవడం లేదు. బిడ్డను కాపాడుకోవడానికి ఎక్కించింది. విప్పితే పాప ఊరుకోదు కాబట్టి విప్పకుండానే ఎక్కించింది. ఆమె స్థానంలో మీరున్నా అదే చేసేవారు. మీ అమ్మకు కనిపించింది అటక మీది పెట్టె మాత్రమే. ఆమె అబద్ధం చెప్పలేదు, చూసిందే చెప్పింది. కారణం మాత్రం ఆమెకూ తెలియదు.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకొక కారణం ఉంది. మా వదినకూ నాకూ మధ్య మూడేళ్లు మాటలన్నీ మా అమ్మ నోటి మీదుగానే నడిచాయి. మా అన్న కూతురికి నేను ఎంతో ఇష్టంగా లంగా, జాకెట్టు కుట్టి పంపితే "ఒక్కసారి కూడా వెయ్యలేదంట" అని అమ్మ చెప్పింది. ఆ మాట పట్టుకుని రెండు పండగలకు కర్నూలు పోలేదు. చివరికి ఒక పెళ్లిలో ఎదురుపడినప్పుడు వదినే చెప్పింది: జాకెట్టు చంకల దగ్గర పట్టేసిందట, చెయ్యి పైకెత్తితే పిల్ల ఏడ్చిందట. కొలత అడగకుండా కుట్టింది నేనే. ఒక్క ఫోన్‌తో తేలిపోయే దానికి రెండు పండగలు పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోవద్దు.

రేపు పదకొండు గంటల వేళ ఫోన్ చేయండి. పాప బడికి పోయుంటుంది, పొద్దుటి పని ఒక దారికి వచ్చుంటుంది. మొదట పూసల సంగతి మీరే ఎత్తండి. "వదినా, చిన్నోడు నోట్లో పెట్టుకుంటాడని నాకు తోచలేదు, పూసలు తెచ్చి పొరపాటు చేసినాను" అనండి. ఆడపడుచు ముందుగా ఆ మాట అంటే తక్కువైపోతానేమో అనే టెన్షన్ పెట్టుకోకండి. పుట్టింట్లో మీ స్థానం పోయేది మాటలు లేకపోతేనే.

ఆ తర్వాత "పాపకు ఏం కావాలి?" అని మాత్రం అడగకండి. ఏ తల్లీ దానికి జవాబు చెప్పదు, "ఏమొద్దులే, నువ్వు వస్తే చాలు" అంటుంది. మళ్లీ మీరు దుకాణానికే పోతారు. మూడు చిన్న ప్రశ్నలు అడగండి. పాప దగ్గర రెండు మూడేసి ఉన్నవి ఏవి? ఏది అయిపోయింది? ఏది చిన్నదైపోయింది? వీటికి ఆలోచించకుండానే జవాబొస్తుంది. "రంగు పెన్సిళ్లు ముక్కలైపోయాయి", "బడి చెప్పులు బిగుతయ్యాయి", "వంటసామాను మాత్రం ఎవరూ తేవద్దు తల్లీ" అంటుంది. వాడితే అయిపోయేవి, ఒంటికి చిన్నవయ్యేవి ఇంట్లో పేరుకుపోవు. బొమ్మలే పేరుకునేవి.

మీరు ఏం తెస్తున్నారో కూడా ఆ ఫోన్‌లోనే చెప్పేయండి. దాచిపెట్టి ఆ రోజు ఆశ్చర్యపరచాలంటే పాపను ఆశ్చర్యపరచండి చాలు, తల్లిని కాదు. మీరు ముందే చెబితే, తర్వాత ఫోన్ చేసిన వాళ్లకు ఆమె "అది వాళ్ల అత్త తెస్తోంది, మీరు వేరేది చూడండి" అని చెప్పగలుగుతుంది. బెంగళూరు చెల్లెలికి కూడా. ఆ అమ్మాయి ఎంత పెట్టి కొంటుందో మీకు అనవసరం. ఆమె డబ్బు ఆమెది. మీ అయిదు వందలు మిషన్ తొక్కి సంపాదించినవి. వాటికి ఇంకో వెయ్యి అప్పు కలిపి పోటీకి పోయారంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇప్పుడు మీరు అడిగిన దానికి వస్తాను. మిషన్ కుడతానన్నారు, ఇల్లంతా బొమ్మలే అన్నారు. ఆ ఇంటికి ఇంకో బొమ్మ తేకండి, ఉన్నవాటిని మూటగట్టేది కుట్టండి. గుండ్రటి దుప్పటి, అంచు చుట్టూ నాడా. పరిస్తే పాప దాని మీద కూర్చుని ఆడుకుంటుంది. ఆట అయ్యాక నాడా లాగితే బొమ్మలన్నీ లోపలికి చేరి మూట అవుతుంది. సాయంత్రం పూట వదిన ఒక్కో బొమ్మా వంగి ఏరే పని తప్పుతుంది.

ముప్పై ఆరు అంగుళాల పన్నా ఉన్న మందపాటి నూలు గుడ్డ మూడు మీటర్లు తీసుకోండి. దాన్ని మీటరున్నర చొప్పున రెండు ముక్కలు చేసి పక్కపక్కన కలపండి. అడుగుకు మీ అమ్మ కట్టి కట్టి మెత్తబడిన చీర ఒకటి అడిగి, దాన్నీ అలాగే రెండు ముక్కలు కలిపి వేయండి, మన బొంతలకు వేసినట్టే. జేజి చీర మీద ఆడుకున్నట్టూ ఉంటుంది, మెత్తగానూ ఉంటుంది. రెండు గుడ్డలూ కలిపి నాలుగు మడతలు వేసి, మడత మూలన దారం పట్టుకుని, ఇరవై ఏడు అంగుళాల దగ్గర సుద్ద కట్టి గీస్తే యాభై నాలుగు అంగుళాల గుండ్రం వస్తుంది. అంతకంటే పెద్దది చేస్తే నిండిన మూటను అయిదేళ్ల పిల్ల లాగలేదు. అంచును అలాగే లోపలికి మడిస్తే ముడతలు పడతాయని మీకు తెలిసే ఉంటుంది. అంగుళంన్నర వెడల్పు క్రాస్ పట్టీ వేసి, అందులోంచి నాడా పోనివ్వండి. చుట్టుకొలత నాలుగు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు దాకా ఉంటుంది కాబట్టి నాడా అయిదు మీటర్లు కావాలి. నూలు నాడాయే కొనండి, నైలాన్‌ది ముడి నిలవదు.

ఒక జాగ్రత్త వదినకు తప్పకుండా చెప్పాలి. మూట బిగించినప్పుడు ఆ అయిదు మీటర్ల నాడాలో చాలా మటుకు బయటికి వచ్చేస్తుంది. దాన్ని అలా వదిలేస్తే బాబు మెడకు చుట్టుకోవచ్చు. మూట మెడ చుట్టూ తిప్పి ముడేసి, వాడికి అందనంత ఎత్తున కొక్కేనికి తగిలించాలి. మూట లాగడం పాప పని, తగిలించడం పెద్దవాళ్ల పని.

ఇంకో మాట కూడా ఆమెతో అనుకోండి: మూటలో పట్టినన్ని బొమ్మలే కింద ఉంటాయి, మిగతావి అటక మీదికి. నెలకోసారి కొన్ని ఎక్కించి, కొన్ని దింపాలి. నెల రోజులు కనిపించని బొమ్మ దిగినప్పుడు పిల్లలు కొత్తదాన్ని చూసినట్టే చూస్తారు. అప్పుడు మూడు వంటసామాను సెట్లలో రెండు అనవసరమని వదినకే తెలుస్తుంది, ఎవరికైనా ఇచ్చేస్తుంది. ఆ నిర్ణయం మాత్రం ఆమెదే, మీరు సలహా చెప్పకండి.

గుడ్డ, నాడా కలిపి మూడు వందల యాభై లోపే అవుతుంది. మిగిలింది రైలుకు ఉంచండి. అయిదేళ్ల లోపు పిల్లలకు రైల్లో టికెట్టు ఉండదు. అయిదు నిండిన రోజు నుంచి జనరల్ బోగీలో సగం టికెట్టు కొనాలి. అంటే ఈ పుట్టినరోజుతో పాపకు తనకంటూ ఒక టికెట్టు వస్తుంది. సెలవుల్లో రెండు రోజులు తాడిపత్రికి పంపమని వదినను మీరే అడగండి, మీ అమ్మతో అడిగించకండి. ఆ టికెట్టు పాప చేతికే ఇచ్చి పట్టుకోమనండి. ఎర్రగుంట్ల, ముద్దనూరు దాటేదాకా కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఊళ్లోకి వచ్చాక పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గుడికి తీసుకుపోయి, లింగం దగ్గర ఊరే నీళ్లు చూపించండి. ఇద్దరు పిల్లల్లో ఒకరు రెండు రోజులు అత్త దగ్గర ఉంటే వదినకూ కాస్త ఊపిరి ఆడుతుంది.

పాపను తీసుకురావడానికి కడప పోయినప్పుడు ఆ పూసల పెట్టెను అటక మీంచి దింపించి మీతోనే తెచ్చుకోండి. మీ ఇంట్లో నోట్లో పెట్టుకునే పసివాడు లేడు కదా. మిషన్ పక్కన చాప పరిచి, మీరు సూదిలో దారం ఎక్కిస్తే పాప ఒక్కో పూసా గుచ్చుతుంది.