అమ్మకాల్లో పెద్ద కస్టమరే నష్టం తెస్తుంటే: మేం తేల్చుకున్న లెక్క

ప్రశ్న: మా హోల్‌సేల్ వ్యాపారంలో అమ్మకాల్లో రెండో స్థానంలో ఉన్న కస్టమర్ మీద గ్రాస్ మార్జిన్ బాగానే కనిపిస్తోంది. కానీ గోడౌన్ వాళ్లు, డెలివరీ వాళ్లు ఎప్పుడూ ఆ ఒక్క కస్టమర్ పనిలోనే ఉంటున్నారు. నిజంగా లాభమో నష్టమో ఎలా తేల్చాలి? నష్టమైతే వదిలేయాలా?

జవాబు:

ముందు రెండో ప్రశ్నకు చెప్తాను: నష్టమని తేలినా వెంటనే వదిలేయకండి. ఎందుకో కింద లెక్కలోనే కనిపిస్తుంది. నేను ఒక పంపిణీ సంస్థలో కాస్ట్ అకౌంట్స్ చూసేటప్పుడు సరిగ్గా ఇలాంటి కస్టమర్‌తోనే ఏడాదిన్నర తల పట్టుకున్నాం.

మేం మొదట చేసిన తప్పు చెప్తాను, చాలామంది అక్కడే ఆగిపోతారు. గోడౌన్, డెలివరీ, ఆఫీసు ఖర్చులన్నీ కలిపి, ఎవరి అమ్మకం ఎంతో ఆ నిష్పత్తిలో పంచాం. అలా పంచితే అందరికీ ఒకే శాతం ఖర్చు పడుతుంది. రోజుకు పదిసార్లు ఆర్డర్ పెట్టేవాళ్లూ, నెలకు రెండుసార్లు పెట్టేవాళ్లూ ఒకేలా కనిపిస్తారు. మనం వెతుకుతున్న తేడా ఆ పంపకంలోనే మాయమైపోతుంది.

రెండోసారి నిమిషాలతో మొదలుపెట్టాం. గోడౌన్ నెల ఖర్చు 3,84,000 అనుకోండి (కరెన్సీ ఏదైనా లెక్క ఇదే, అర్థం కావడానికి అంకెలు సరిచేసి రాస్తున్నాను). పదిమంది, ఒక్కొక్కరికి నెలకు 160 గంటలు. విరామాలు, మీటింగులు, శుభ్రం చేసుకోవడం పోగా అందులో 80 శాతమే అసలు పనికి దొరుకుతుంది, అంటే 76,800 నిమిషాలు. నిమిషానికి 5 పడింది. జీతమిచ్చిన గంటలన్నిటితో భాగించకండి, రేటు తక్కువగా వస్తుంది.

తర్వాత ఒక ఆర్డర్‌కు ఎన్ని నిమిషాలు పడుతుందో దగ్గర నిలబడి చూశాం. ఆర్డర్ మొదలుపెట్టి ప్యాక్ చేయడానికి 12 నిమిషాలు, దానికి తోడు ఒక్కో వస్తువు తీసుకురావడానికి 2, కస్టమర్ అడిగిన ప్రత్యేక లేబుల్ అతికించడానికి 15, అర్జెంట్ అయితే చేతిలో పని ఆపి చేయాలి కాబట్టి మరో 20.

మా పెద్ద కస్టమర్ నెలకు 20 లక్షల సరుకు కొనేవారు, కానీ 400 ఆర్డర్లుగా. ఒక్కోదానిలో సగటున 4 వస్తువులే, అన్నిటికీ లేబుల్ కావాలి, సగం అర్జెంట్. లెక్క వేస్తే 18,000 నిమిషాలు, అంటే 90,000. అమ్మకంలో నాలుగున్నర శాతం. 5 లక్షల సరుకు కొనే ఒక మధ్యస్థ కస్టమర్ నెలకు 10 ఆర్డర్లు పెట్టి, ఒక్కోదానిలో 40 వస్తువులు తీసుకునేవారు. అక్కడ గోడౌన్ ఖర్చు 4,600, అంటే ఒక శాతం కూడా కాదు.

ఇక మిగతావి. ఇద్దరిలోనూ గ్రాస్ మార్జిన్ 22 శాతమే. పెద్ద కస్టమర్‌కు అది 4,40,000. అందులోంచి ఏడాది చివర ఇచ్చే రిబేటు నెలకు పడేది 80,000. సరుకు తక్కువైందంటూ, ఆలస్యమైందంటూ బిల్లులో కోసుకున్నది 20,000. 400 డెలివరీలకు, ఒక్కోదానికి 350 చొప్పున 1,40,000. గోడౌన్ 90,000. తిరిగి వచ్చిన సరుకు సర్దడానికి, పాడైనవి తీసేయడానికి 30,000. సగటున 95 రోజులకు డబ్బు ఇస్తున్నారు కాబట్టి దాదాపు 63 లక్షలు ఎప్పుడూ బయటే ఉంటుంది. ఏడాదికి 12 శాతం వడ్డీ వేస్తే నెలకు సుమారు 63,000. వాళ్ల కోసమే పెట్టిన సేల్స్, ఆర్డర్ డెస్క్ మనుషులకు 60,000. మొత్తం 4,83,000. అంటే నెలకు 43,000 నష్టం. మధ్యస్థ కస్టమర్‌కు ఇవే ఖర్చులన్నీ తీసేస్తే 1,10,000 మార్జిన్‌లో 81,000 మిగిలింది.

ఈ లెక్కలో మాకు ఎక్కువ టెన్షన్ పెట్టినవి రిబేటూ, కోతలూ. అవి కస్టమర్ పేరు మీద కాకుండా లెడ్జర్‌లో ఒకే 'డిస్కౌంట్లు' ఖాతాలో పడి ఉండేవి. క్రెడిట్ నోట్లు ఒక్కోటి తిరగేసి కస్టమర్ కోడ్ వేయడానికే మూడు వారాలు పట్టింది. మీ దగ్గరా బహుశా అక్కడే దాక్కుని ఉంటుంది, ముందు అది తెరవండి.

లెక్క సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కస్టమర్లందరి నిమిషాలూ కలిపి, గోడౌన్ దగ్గరున్న నిమిషాలతో పోల్చండి. మొదటిసారి మాకు 112 శాతం వచ్చింది. ఓవర్‌టైమ్ లేకుండా అది సాధ్యం కాదు. చూస్తే, సరుకు లేక రెండు విడతల్లో పంపిన ఆర్డర్లను సిస్టమ్ రెండు పూర్తి ఆర్డర్లుగా లెక్కేసింది. అది సరిచేశాకే పై అంకెలు వచ్చాయి.

ఇది మా ఒక్కళ్ల దగ్గరే జరిగింది కాదు. స్వీడన్‌లోని కాంథాల్ అనే, వేడి పుట్టించే తీగలు తయారుచేసే కంపెనీ 1980ల్లో ఇలా లెక్కేస్తే, 20 శాతం కస్టమర్లు మొత్తం లాభానికి 225 శాతం తెచ్చారని, 70 శాతం మంది దగ్గర లాభనష్టాలు దాదాపు సమానమని, మిగతా 10 శాతం మంది 125 శాతం పోగొట్టారని తేలింది. ఎక్కువ నష్టం తెచ్చినవాళ్లలో ఇద్దరు అమ్మకాల్లో మొదటి ముగ్గురిలో ఉన్నారు. చిన్న కస్టమర్‌కు అంత పెద్ద నష్టం తెచ్చే సత్తా ఉండదు. వందల డెలివరీలు, ప్రత్యేక లేబుళ్లు, మూడు నెలల అప్పు అడిగి తీసుకోగలిగేది పెద్దవాళ్లే.

ఇప్పుడు వదిలేసే మాట. మా సేల్స్ హెడ్ వెంటనే ఆపేద్దామన్నారు. ఆపితే నిజంగా పోయే ఖర్చులేవో విడిగా రాశాం: రిబేటు, కోతలు, డెలివరీ, తిరుగు సరుకు, వడ్డీ. కలిపితే 3,33,000. గోడౌన్ మనుషులు, ఆ సేల్స్ మనుషులు మర్నాడు కూడా జీతానికి ఉంటారు. 4,40,000 మార్జిన్ పోతుంది, 3,33,000 ఖర్చు తగ్గుతుంది. నెలకు 1,07,000 ఇంకా లోతుకు దిగుతాం. ఖాళీ అయిన నిమిషాలను నింపడానికి వేరే కస్టమర్ సిద్ధంగా ఉంటేనే ఆపడం లాభం.

అందుకని ఆర్డర్ పెట్టే పద్ధతి మీద కూర్చున్నాం. అంకెలతో వాళ్ల కొనుగోలు మేనేజర్ దగ్గరికి వెళ్లాం, ధర పెంచమని అడగలేదు. రిబేటును ఆర్డర్ సైజుతో ముడిపెట్టాం, డెలివరీ రోజులు నిర్ణయించాం, అర్జెంట్‌కు విడిగా చార్జీ పెట్టాం. అప్పు రోజులు తగ్గించడానికి మాత్రం వాళ్లు ఒప్పుకోలేదు, లేబుల్ కూడా అలాగే ఉండిపోయింది. నాలుగు నెలల్లో ఆర్డర్లు 400 నుంచి 120కి, అర్జెంట్‌వి 200 నుంచి 10కి వచ్చాయి. సరుకు అదే, కాబట్టి ఒక్కో ఆర్డర్‌లో 13 వస్తువుల దాకా ఉండేవి. గోడౌన్ ఖర్చు 33,000కు కాస్త పైన ఆగింది. బరువైన లోడు కావడంతో డెలివరీకి 550 పడినా మొత్తం 66,000కు దిగింది. కాగితం మీద 43,000 నష్టం దాదాపు 88,000 లాభమైంది.

కాగితం మీద అని ఎందుకంటున్నానంటే, డెలివరీ డబ్బు వెంటనే మిగిలింది కానీ గోడౌన్‌లో మిగిలినవి నిమిషాలే. నెలకు 11,000 పైచిలుకు నిమిషాలు, దాదాపు ఒకటిన్నర మంది పని. ఒక కాంట్రాక్ట్ మనిషి గడువు ముగిసినప్పుడు కొత్తవాళ్లను తీసుకోకపోవడం వల్ల అందులో కొంత నిజంగా చేతికొచ్చింది. మిగతా సగం మనిషి పని కొత్త కస్టమర్లు వచ్చి నిమిషాలు వాడేదాకా లాభనష్టాల పట్టికలో కనబడలేదు. మీ మేనేజ్‌మెంట్‌కు చెప్పేటప్పుడు ఈ రెండు అంకెలూ విడివిడిగా చూపించండి, లేకపోతే మొదటి మూడు నెలల తర్వాత 'మిగులు ఎక్కడ?' అని అడుగుతారు.