అన్నయ్య అంటోందా, ఇంకేమైనా అంటోందా?

ప్రశ్న: ఒక వియత్నాం అమ్మాయితో నాలుగు నెలలుగా మాట్లాడుతున్నాను. తనని తాను ‘ఎమ్’ అంటుంది, నన్ను ‘అఞ్’ అంటుంది. డిక్షనరీలో చూస్తే అఞ్ అంటే అన్నయ్య, ఎమ్ అంటే చెల్లి లేక తమ్ముడు అని ఉంది. నన్ను అన్నలా చూస్తోందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఒక్కటి చెప్పండి, ఆమె మీకంటే చిన్నదా, పెద్దదా? అంతా అక్కడే ఉంది. చిన్నదైతే ఈ రెండు మాటల వల్ల ఏమీ తేలదు. తనకంటే కొంచెం పెద్దవాడైన ఏ మగాడినైనా అఞ్ అనడం అక్కడి మామూలు మర్యాద. హోటల్లో మనకంటే చిన్నవాళ్లు వడ్డిస్తుంటే మనం కూడా ‘ఎమ్ అయ్’ అనే పిలుస్తాం. ఆమె మీ ఈడుదో, మీకంటే పెద్దదో అయ్యుండి తనని తాను ఎమ్ అనుకుంటుంటే మాత్రం మీకు చెప్పాల్సింది చెప్పేసినట్టే. జంటల్లో వయసు ఎలా ఉన్నా మామూలుగా మగాడు అఞ్, ఆడమనిషి ఎమ్.

మా ఆవిడ హనోయ్ అమ్మాయి, నాకంటే రెండేళ్లు పెద్ద. ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. అక్కడ ఆవిడ ‘చి’, అంటే అక్క. ఎమ్‌ని నేనే. ఒక వానరాత్రి ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: ‘అఞ్ వే ఞా చువ?’ ఇంటికి చేరారా అని. నేను మూడుసార్లు చదివాను. మా ఇద్దరి మధ్య అఞ్ అనేవాడు ఎవడూ లేడు కదా! ఎవరో అన్నయ్య గురించి అడుగుతోందనుకుని, “ఏ అఞ్?” అని తిరిగి అడిగాను. జవాబు రాలేదు. మర్నాడు ఆఫీసులో మళ్లీ చి-ఎమ్ మొదలు. పక్క సీటు అబ్బాయికి మెసేజ్ చూపిస్తే తలపట్టుకున్నాడు. అక్కడ పిలుపు మార్చడమంటే మనసులో మాట బయటపెట్టడమే, దాన్ని నేను అడ్రసు కనుక్కునే ప్రశ్న చేశాను.

నేను తడబడడానికి ఇంకో కారణం ఉంది. మనకి ‘తిన్నాను’, ‘తిన్నావు’ అంటే చివర చూసి ఎవరు తిన్నారో తెలిసిపోతుంది. వాళ్ల క్రియ మారదు. ఆవిడ ‘అఞ్ అన్ చువ?’ అంటే నువ్వు తిన్నావా అని. నేను ‘అఞ్ అన్ జోయ్’ అంటే నేను తిన్నాను అని. అఞ్ రెండుచోట్లా నేనే. అంటే ఆ మాటకి నేను, నువ్వు అనే అర్థం లేదు, ఆ జంటలో ఒక మనిషి పేరు లాంటిది అనుకోండి. మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు విన్నది విన్నట్టు అప్పజెప్పడం. ఆవిడ ‘ఎమ్ యెవ్ అఞ్’ అంటే, అంటే ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అంటే, మీరూ అదే అన్నారనుకోండి, ‘నువ్వు నన్ను ప్రేమిస్తున్నావు’ అని ఆవిడకే చెప్పినట్టవుతుంది. మీరు తిప్పి ‘అఞ్ యెవ్ ఎమ్’ అనాలి. (సైగాన్ వైపు అఞ్ చివర దాదాపు ‘అన్’ అనే వినిపిస్తుంది, కంగారు పడకండి.)

మరి నేను అనే మాట వాళ్లకి లేదా అంటే, ఉంది, ‘తోయ్’. కొత్తవాళ్లతో పర్వాలేదు. ఇంట్లో మాత్రం అది తలుపు వేసేసిన చప్పుడు. పెళ్లయిన మొదటి ఏడాది, వాళ్లమ్మగారింట్లో భోజనానికి వస్తానని చెప్పి నేను మర్చిపోయాను. రాత్రి ఆవిడ గొంతు పెంచలేదు. “తోయ్ మేట్” అంది, అలసిపోయాను అని. అదే ముక్క ‘ఎమ్ మేట్’ అని ఉంటే కాళ్లు పట్టమని గారాలు పోతోందని అర్థం. ‘తోయ్’ అనేసరికి ఆ రాత్రి నేను ఆవిడకి ఎవరో పరాయివాణ్ని. మూడోరోజు వంటింట్లోంచి “అఞ్ అయ్, ఉప్పు అందుకో” అని వినపడ్డాకే ఊపిరి పీల్చుకున్నాను.

కాబట్టి మీరు ఒక్క మాట పట్టుకుని కూర్చోకండి, మారిందా అని చూడండి. పాత చాట్ పైకి జరిపి, మొదటి వారాల్లో తనని తాను ఏమనుకుందో వెతకండి. తనని ‘మిఞ్’, మిమ్మల్ని ‘బన్’ అని స్నేహితుల్లా మొదలై ఒకరోజు ఎమ్ వచ్చి ఉంటే ఆ తేదీ గుర్తుపెట్టుకోండి, తర్వాత అడుగుతుంది. మొదటి రోజు నుంచీ ఎమ్ అనే ఉంటే, మీరే తేల్చుకోవాలి.

మాకు పాప పుట్టాక ఇదంతా మళ్లీ మారింది. ఇప్పుడు ఇంట్లో నేను ‘బో’, ఆవిడ ‘మే’. పాప నోటితోనే ఇద్దరం ఒకరినొకరు నాన్నా, అమ్మా అనుకుంటున్నాం. పాప నిద్రపోయాక మాత్రం అఞ్, ఎమ్.