ఎస్క్రో రిలీజ్ మెయిల్ గురించి, చిన్నాకి

చిన్నా,

ఎస్క్రోలో, అంటే షరతులు తీరేదాకా బ్యాంకు పట్టుకునే ఖాతాలో, ఉన్న ఫ్లాట్ డబ్బు అమ్మేవాళ్ళకి వదలమని నువ్వు రాసి పంపిన డ్రాఫ్ట్ చూశాన్రా. "అన్ని కండిషన్స్ అయిపోయాయి, బ్యాలెన్స్ రిలీజ్ చేయండి" అని రాశావు, అది మాత్రం పంపకు. బ్యాంకులో ఎస్క్రో చూసేవాళ్ళు అగ్రిమెంట్‌లో ఉన్న మాట పక్కన పెట్టుకుని నీ మెయిల్ చదువుతారు, ఏ క్లాజు, దానికి ఏ కాగితం అన్నది కనపడకపోతే తిరిగి ప్రశ్న పంపుతారు, నాలుగు రోజులు పోతాయి.

ముందు ఆ "బ్యాలెన్స్" అన్న మాట తీసెయ్. ఫ్లాట్ 80 లక్షలు, అందులో ఒక పర్సెంట్ టీడీఎస్ 80 వేలు నువ్వే కట్టావు, కాబట్టి ఎస్క్రోలో వేసింది 79,20,000. అమ్మేవాళ్ళ హోమ్ లోన్ క్లోజ్ చేయడానికి మొదట 31,40,000 వెళ్ళింది, మిగిలింది 47,80,000. కానీ తాళాలు, సొసైటీ బకాయిల కోసం 2 లక్షలు ఆపాలని మీరే రాసుకున్నారు కదా, అంటే ఇప్పుడు వెళ్ళాల్సింది 45,80,000. నువ్వు బ్యాలెన్స్ అంటే వాళ్ళు 47,80,000 అనుకుంటే ఆ 2 లక్షలు కూడా పోతాయి, తర్వాత తాళాల కోసం నువ్వే తిరగాలి.

కండిషన్లలో లోన్‌ది జాగ్రత్తగా చూడు. లోన్ తీరిపోయిందని వాళ్ళ బ్యాంకు ఎన్ఓసీ వచ్చింది అంటే సరిపోదు. లోన్‌కి హామీగా పెట్టిన టైటిల్ డీడ్స్ డిపాజిట్ రిజిస్టర్ అయి ఉంటే దాని రిలీజ్ డీడ్ కూడా రిజిస్టర్ అవ్వాలి, లేకపోతే ఈసీలో, అదే ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌లో, ఆ పాత లోన్ ఎంట్రీ అలాగే కనిపిస్తుంది. నాకు తెలిసిన ఒకాయన ఇది చూడకుండా డబ్బు వదిలేశాడు, తర్వాత తన లోన్ టైములో ఆ ఎంట్రీ దగ్గరే ఆగిపోయాడు. అందుకే నీ సేల్ డీడ్, ఆ రిలీజ్ రెండూ కనపడే కొత్త ఈసీ తీసి జత చెయ్.

ఇలా మార్చు, ఇంగ్లీష్‌లో పంపినా సంగతి ఇదే ఉండాలి:

"ఎస్క్రో అగ్రిమెంట్ క్లాజు ఫలానా ప్రకారం: సేల్ డీడ్ ఫలానా డాక్యుమెంట్ నంబరుతో ఫలానా తేదీన రిజిస్టర్ అయింది, కాపీ జత. పాత లోన్ రిలీజ్ డీడ్ రిజిస్టర్ అయింది, ఈసీ జత. టీడీఎస్ చలానా జత. రూ. 45,80,000 (నలభై ఐదు లక్షల ఎనభై వేలు మాత్రమే) అగ్రిమెంట్ షెడ్యూల్‌లో ఉన్న అమ్మేవారి అకౌంట్‌కి ఆర్టీజీఎస్ చేయండి. రూ. 2,00,000 తాళాలు అప్పగించినట్టు, సొసైటీ బకాయిలు తీరినట్టు ఇద్దరం సంతకం పెట్టే వరకు ఎస్క్రోలోనే ఉంచండి."

అకౌంట్ నంబరు షెడ్యూల్‌లో ఉన్నదాన్ని అంకె అంకె చూసి పోల్చుకో. మధ్యలో ఎవరైనా "అకౌంట్ మారింది" అని మెయిల్ పెడితే ఆ మెయిల్‌కి రిప్లై ఇవ్వకు, నీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి అమ్మేవాళ్ళనే అడుగు, నిజమైనా సరే ఇద్దరి సంతకాలతో షెడ్యూల్ మార్చాకే పంపాలి.

మెయిల్ ఇద్దరి సంతకాలతో, అగ్రిమెంట్‌లో ఇచ్చిన మెయిల్ ఐడీల నుంచే వెళ్ళాలి. డబ్బు వెళ్ళాక యూటీఆర్ నంబరు అడిగి తీసుకో. పంపేముందు నాకు ఒకసారి చూపించు, రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చేసినా పర్లేదు.

మీ పెదనాన్న