పాత నాటకశాలకు ఏసీ పెడితే పద్యం నాదం ఏమవుతుంది?

ప్రశ్న: మా ఊళ్లో పాత నాటకాల హాలును బాగుచేస్తున్నారు. ఏసీ, ఫాల్స్ సీలింగ్, కుషన్ కుర్చీలు, తివాచీ అంటున్నారు. మైకు లేకుండా పద్యం వినిపించే గుణం పోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: గుంటూరులో ఇలాంటి ఒక హాలు మరమ్మతుకు సివిల్ ఇంజనీరుగా పనిచేశాను. అక్కడ జరిగిన పొరపాటులో నా వంతు కూడా ఉంది.

పని మొదలుపెట్టే ముందు, తెల్లవారుజామున రోడ్డు మీద చప్పుడు లేని వేళ, ఫ్యాన్లు ఆపి, తలుపులు మూసి, వేదిక మీద పెద్ద బెలూన్ పగలగొట్టి మూడు చోట్ల రికార్డు చేశాము. శబ్దం 60 డెసిబెళ్లు తగ్గడానికి పట్టే వ్యవధిని ప్రతినాద కాలం అంటారు. ఖాళీ హాలులో అది దాదాపు 1.6 సెకన్లు వచ్చింది. హాలు 25 మీటర్ల పొడవు, 15 వెడల్పు, 8 ఎత్తు, అంటే 3000 ఘనపు మీటర్లు. సబీన్ సూత్రం ఇది:

```
T = 0.161 × V / A
```

T ప్రతినాద కాలం, V ఘనపరిమాణం, A హాలులోని గోడలు, నేల, వస్తువులు శబ్దాన్ని పీల్చుకునే మొత్తం శోషణ. దీని ప్రకారం మా హాలు శోషణ సుమారు 300 చదరపు మీటర్లు.

ఆ లెక్క నా ఫైలులోనే ఉండిపోయింది. ఏసీ ఖర్చు తగ్గుతుందని కాంట్రాక్టరు 2 మీటర్ల కిందికి ఫాల్స్ సీలింగ్ దించితే నేను సరేనన్నాను. ఘనపరిమాణం 2250కి పడిపోయింది. నేలంతా పరచిన తివాచీ, కుర్చీలు కలిసి శోషణను మరో 150 పెంచాయి. ప్రతినాదం 0.8 సెకన్లకు దిగింది. ఉపన్యాసానికి అది బాగానే ఉంటుంది. కానీ ప్రయత్న ప్రదర్శనలో ఒక పెద్ద నటుడు పద్యం చివర రాగం తీసి, ఆపి, "గొంతు నా నోటి దగ్గరే పడిపోతోందయ్యా" అన్నారు. హార్మోనియం శ్రుతి కూడా ఆయన ఆపిన క్షణానే తెగిపోతోంది.

అందరూ కుషన్ కుర్చీలను తప్పుపట్టారు గాని, జనం కూర్చున్నాక కుర్చీ గుడ్డ చాలావరకు మనుషుల కిందే కప్పబడిపోతుంది కాబట్టి నిండిన హాలులో దాని ప్రభావం తక్కువ. పైగా సగం ఖాళీగా ఉన్న రోజుకూ నిండిన రోజుకూ తేడాను అది తగ్గిస్తుంది. అసలు నష్టం సీలింగ్‌తోనూ తివాచీతోనూ వచ్చింది. సీలింగ్ విప్పించి, ఏసీ గొట్టాలను పక్క గోడల పైభాగాన నడిపించి, తివాచీని నడవలకే పరిమితం చేశాక, ఖాళీ హాలులో మళ్లీ కొలిస్తే 1.3 వచ్చింది. పాత 1.6 రాలేదు, కానీ పద్యానికి సరిపోయింది. విప్పిన ఖర్చు కమిటీ వాళ్లు ఇప్పటికీ నాకు గుర్తుచేస్తుంటారు.

వేదిక పలకలు పుచ్చాయని చెప్పి కాంక్రీటు పోసి టైల్స్ వేద్దామంటే మాత్రం ఒప్పుకోకండి. కింద బోలుగా ఉన్న చెక్క మీదే అడుగుల చప్పుడుకు నిండుదనం వస్తుంది. పుచ్చిన పలకలను మాత్రమే మార్పించండి. ఏసీ వేసి, ఎవరూ మాట్లాడకుండా చివరి వరుసలో కూర్చుని వినండి. గాలి హోరు వినిపిస్తే బిల్లు చెల్లించకముందే గొట్టాలు పెద్దవి చేయించి, గాలి వేగం తగ్గించమనండి.