ఐదు పైళ్లు ఎందుకు చాలలేదు?

ప్రశ్న: బీటెక్ సివిల్ చివరి సంవత్సరం విద్యార్థిని. ఫౌండేషన్ డిజైన్ ఉద్యోగపు ఇంటర్వ్యూలో 4100 కిలోన్యూటన్ల కాలమ్ లోడు, ఒక దిశలో 630 కిలోన్యూటన్-మీటర్ల మొమెంటు, ఒక్కొక్కటి 1000 కిలోన్యూటన్లు మోయగల 600 మి.మీ. పైళ్లు ఇచ్చి, ఎన్ని కావాలని అడిగారు. ఐదు అన్నాను, ఒప్పుకోలేదు. పొరపాటు ఎక్కడ జరిగింది?

జవాబు: మీరు లోడును పైలు సామర్థ్యంతో భాగించి ఆగిపోయారు. పైళ్ల తలలను కలిపే కాంక్రీటు దిమ్మె అయిన క్యాప్, దానిపై మట్టి బరువు సుమారు 400 కిలోన్యూటన్లు అనుకుంటే మొత్తం 4500 అవుతుంది కాబట్టి, ఐదు పైళ్లపై సగటున 900 పడుతుంది. ఇంతవరకు మీ లెక్క సరైనదే. అయితే మొమెంటు ఆ లోడును అన్ని పైళ్లకూ సమానంగా పంచనివ్వదు. ఒక్కో పైలుపై పడే భారం ఇది:

Q = P/n ± M·x/Σx²

ఇందులో P మొత్తం లోడు, n పైళ్ల సంఖ్య, M మొమెంటు, x పైళ్ల సమూహపు కేంద్రరేఖ నుంచి ఆ పైలుకు ఉన్న దూరం, Σx² అన్ని పైళ్ల x వర్గాల మొత్తం.

ఘర్షణతో మోసే పైళ్ల మధ్య దూరం వ్యాసానికి కనీసం మూడు రెట్లు, అంటే ఇక్కడ 1.8 మీటర్లు ఉండాలని పైలు ఫౌండేషన్ల భారతీయ కోడ్ IS 2911 చెబుతుంది. అంతకన్నా దగ్గరైతే పక్కపక్క పైళ్లు ఒకే మట్టిపై ఆధారపడతాయి. మరీ దూరమైతే క్యాప్ వంపు పెరిగి, మందం, ఉక్కు పెంచవలసి వస్తుంది. నాలుగు మూలలు, మధ్యలో ఒకటి అనే అమరికలో మూల పైళ్లు కేంద్రరేఖకు 1.27 మీటర్ల దూరంలో ఉంటాయి, Σx² 6.48 అవుతుంది. మొమెంటు వల్ల 124 కలిసి, రెండు పైళ్లపై 1024 పడుతుంది. పని జరుగుతుండగా పైలు సామర్థ్యం కొద్దిగా తగ్గినట్టు తేలితే కోడ్ ఇచ్చే పది శాతం వెసులుబాటును ఇక్కడ ముందే వాడుకోవడం నా దృష్టిలో తప్పు.

ఆరు పైళ్లను మొమెంటు దిశలో మూడు వరుసలుగా, వరుసకు రెండు చొప్పున పెడితే Σx² 12.96, సగటు 750, అదనం 87.5, గరిష్ఠం 837.5 మాత్రమే. క్యాప్ సుమారు 4.5 × 2.7 మీటర్లు వస్తుంది. సైటులో పైళ్లన్నీ ఒకే వైపు 75 మి.మీ. జరిగినా గరిష్ఠం 885 దాటదు. అదే ఐదు పైళ్లలో అలా జరిగితే 1090కి చేరుతుంది.

ఇంటర్వ్యూ చేసినవారు బహుశా ఎదురుచూసిన మాట మరొకటి ఉంది. ఇక్కడ ఉత్కేంద్రత 630/4500, అంటే 0.14 మీటర్లు. మొమెంటు శాశ్వతమైనదైతే, పైళ్ల కేంద్రాన్ని ఫలిత లోడు వైపు అంతే జరిపితే అన్ని పైళ్లపై సమాన భారం పడుతుంది, అప్పుడు ఐదు పైళ్లూ 900 చొప్పునే మోస్తాయి. గాలి, భూకంపం వంటి, దిశ మారే మొమెంటుకు ఈ ఉపాయం పనికిరాదు. అది తిరగబడినప్పుడు, జరిపిన దూరం రెండో వైపు పైళ్ల భారాన్ని ఇంకా పెంచుతుంది. అందువల్ల సంఖ్య చెప్పే ముందు ఆ మొమెంటు ఎక్కడి నుంచి వస్తోందని మీరే అడగవలసింది.