బియ్యం ధర పెరిగితే వాడకం ఎంత తగ్గించాలి?

ప్రశ్న: బియ్యం ధర 25 శాతం పెరిగింది. ఇంటి ఖర్చు పెరగకూడదంటే వాడకం ఎంత శాతం తగ్గించాలి? 25 అంటే తప్పంటున్నారు, ఎందుకు?

జవాబు: 20 శాతం తగ్గించాలి.

నెలకు 25 కిలోల బస్తా కొనే ఇల్లు అనుకోండి. కిలో 48 రూపాయలున్నప్పుడు ఖర్చు 1200. ఇప్పుడు కిలో 60 అయింది. అదే 1200కి వచ్చేది 20 కిలోలే. అంటే 25 కిలోల్లో 5 కిలోలు తగ్గాయి, అది 20 శాతం.

25 శాతం తగ్గిస్తే 18.75 కిలోలే కొంటారు, ఖర్చు 1125 అవుతుంది. 75 రూపాయలు మిగులుతాయి కానీ ఇంట్లో వాళ్లకు అన్నం అనవసరంగా తగ్గుతుంది. తేడా ఎక్కడంటే, పెరిగిన 12 రూపాయలు పాత ధర 48లో 25 శాతం, కొత్త ధర 60లో 20 శాతం. మనం కొనేది కొత్త ధరకే కాబట్టి రెండోదే లెక్క.

ధర r శాతం పెరిగితే సూత్రం:

```
r / (100 + r) × 100
```

అదే రకం బియ్యం కొంటేనే ఇది వర్తిస్తుంది. చాలా ఇళ్లలో తినేది తగ్గించరు, సన్నబియ్యం మాని చవక రకానికి మారతారు. అప్పుడు కొత్త రకం ధరతోనే లెక్క వేసుకోవాలి.