వాసం కొలతలో చూరు దగ్గర జరిగే పొరపాటు

ప్రశ్న: రెండు వైపులా వాలు ఉండే పెంకుల కప్పుకు వాసం పొడవు ఎలా లెక్కకట్టాలి? చూరు కోసం ఎంత కలపాలి?

మా ఊళ్లోని పాత ఇంటికి కప్పు మార్చినప్పుడు ఈ లెక్క తప్పి నష్టపోయినవాళ్లం కనుక, ఆ ఇంటి కొలతలతోనే చెబుతాను. గోడల బయటి అంచు నుంచి బయటి అంచుకు వెడల్పు 20 అడుగులు, కొప్పు సరిగ్గా నడిమధ్యన, గోడ తల నుంచి కొప్పు ఎత్తు 6 అడుగులు. సగం వెడల్పు అడ్డంగా 10, ఎత్తు నిలువుగా 6, వాటిని కలిపే ఏటవాలు గీతే వాసం. అంటే √(10² + 6²) = 11.66, సుమారు 11 అడుగుల 8 అంగుళాలు. వాలును డిగ్రీల్లో చెప్పేవారంటే నాకు విసుగు. చేతిలో టేపు ఉన్న మనిషికి "పదికి ఆరు" అన్న మాటే పని చేస్తుంది.

ఇంతవరకు మా వడ్రంగి కూడా సరిగానే లెక్కకట్టాడు. గోడ దాటి చూరు 2 అడుగులు రావాలని నాన్నగారు చెప్పగా, "వాసానికి రెండడుగులు కలిపితే సరిపోతుందండీ" అని మొత్తం వాసాలను 13 అడుగుల 8 అంగుళాలకు కోసేశాడు. కప్పు ఎక్కిన తర్వాత వాసం కొస నుంచి తూకం గుండు వదిలి చూస్తే, తాడుకూ గోడకూ మధ్య 24 అంగుళాలకు బదులు ఇరవైన్నర అంగుళాలే ఉంది. వాసం వెంబడి కలిపిన రెండడుగులు ఏటవాలుగా కిందికి దిగిపోతాయి తప్ప, రెండడుగులూ బయటకు రావు. ఆ వానాకాలమంతా గోడ అడుగు తడిసి సున్నం రాలింది, తర్వాత ప్రతి వాసానికీ పక్కన ముక్క అతికించవలసి వచ్చింది.

కాబట్టి చూరును విడిగా కలపకుండా, అడ్డం కొలతలోనే చేర్చాలి. అడ్డంగా 10 అడుగులకు వాసం 11.66 అయితే, అడుగుకు 1.166 అవుతుంది, 10 కి 2 కలిపి 12 ను దానితో గుణిస్తే దాదాపు 14 అడుగులు. చూరు కొస గోడ తల కంటే 14 అంగుళాలు కిందికి దిగుతుందన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి, లేకపోతే వసారాలోకి తల వంచి వెళ్లవలసి వస్తుంది.

గది లోపలి కొలత మాత్రం తీసుకోవద్దు. 9 అంగుళాల గోడ మందం ఒక్కో వైపు పోతే వాసం పదిన్నర అంగుళాలు తగ్గుతుంది. వాసాలు కొప్పు దూలం మీద కాక దాని పక్కలకు ఆనేటట్లయితే, దూలం మందంలో సగాన్ని అడ్డం కొలతలోంచి తీసివేయాలి. ఇక 14 అడుగులు లెక్కకు వచ్చిందని అడితిలో 14 అడుగుల కర్రే కొనకండి: 4 అంగుళాల లోతున్న వాసం రెండు కొసలనూ నిలువుగా కోయాలంటే ఈ వాలుకు మరో రెండున్నర అంగుళాలు కావాలి.